బియ్యం ఖీర్ కొలతలు: మనిషికి ఎంత పాలు, ఎంత బియ్యం, ఎంత చక్కెర, పాలు ఎంతకి ఇంకాలి (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇక్కడ చెప్పేదంతా నార్త్ ఇండియన్ స్టైల్ బియ్యం ఖీర్ గురించి, అంటే చక్కెర వేసి, పాలు ఇంకబెట్టి, గరిటెతో పోస్తే జారేలా ఉండేది. మన బెల్లం పరమాన్నం కొలతలు వేరు, దాని గురించి చివర్లో చెప్పా. పాలు అని రాసిన ప్రతిచోటా ఫుల్ క్రీమ్ ప్యాకెట్ పాలు అనుకోండి, వేరే పాలైతే అక్కడే చెప్తా.

మనిషికి ఎంత లెక్క వేసుకోవాలి?

ఒక్కొక్కరికి పాలు 165 ఎంఎల్, బియ్యం 8 గ్రాములు, చక్కెర 15 గ్రాములు. ఈ లెక్కన ఆరుగురికి లీటరు పాలు, 50 గ్రాముల బియ్యం, 90 గ్రాముల చక్కెర పడతాయి. నిజానికి ఈ లీటరు లెక్కే గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఇంట్లో ఎవరూ 8 గ్రాముల బియ్యం తూచరు. 50 గ్రాములంటే 250 ఎంఎల్ కప్పుతో పావు కప్పు బియ్యం, 90 గ్రాములంటే అదే కప్పుతో అర కప్పుకి కాస్త తక్కువ చక్కెర.

పావు కప్పు బియ్యం చూడగానే ఇంత తక్కువా అనిపిస్తుంది, చాలామంది అక్కడే ఇంకో గుప్పెడు వేసేస్తారు. వెయ్యకండి. గిన్నెలో వేసిన మొదటి పావుగంట ఉత్త పాలే కనపడతాయి, గింజలు అడుగున ఎక్కడో ఉంటాయి, గంట తర్వాత చూస్తే అవే గింజలు గిన్నెంతా నిండి ఉంటాయి.

ఒక సర్వింగ్ అంటే ఎంత? మా ఇంట్లో గిన్నెలు పెద్దవి

నేను 130 ఎంఎల్ లెక్క వేశా, అంటే భోజనంలో పప్పు వేసుకునే చిన్న స్టీల్ కటోరీ అంచుకి కాస్త కిందిదాకా. భోజనం తర్వాత తినే స్వీట్ కాబట్టి అది సరిపోతుంది. పూరీతో పాటు ఖీర్ తినే ఇళ్ళున్నాయి, అక్కడ ఒక్కో మనిషి 200 ఎంఎల్ ఈజీగా తింటాడు, అప్పుడు లీటరు పాలు నలుగురికే వస్తాయి. మీ గిన్నెలో నీళ్ళు పోసి అది ఎన్ని ఎంఎల్ పడుతుందో ఒకసారి కొలిచి చూసుకోండి, తర్వాత ఎప్పుడూ డౌట్ రాదు.

లీటరు పాలు మరిగి మరిగి ఎంతకి రావాలి?

700 ఎంఎల్. అంటే సుమారు 300 ఎంఎల్ నీళ్ళు ఆవిరైపోవాలి. మామూలుగా పాలు మూడో వంతు ఇంకాలి అంటుంటారు, అది కూడా దాదాపు ఇదే, పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో ఆపితే ఖీర్ అవుతుంది. సగానికి ఇంకబెడితే బాసుంది దారిలోకి వెళ్ళిపోతుంది, మూడో వంతే మిగిలేలా ఇంకబెడితే రబ్డీ, ఇంకా పోతే కోవా. అవన్నీ బియ్యం లేకుండా పాలతోనే చిక్కదనం తెచ్చుకునేవి కాబట్టి అంత ఇంకబెట్టాలి, ఖీర్‌లో సగం పని బియ్యం గంజి చేస్తుంది. అందుకే బియ్యం వేసి కూడా పాలు సగం చేసేస్తే, వేడిగా ఉన్నప్పుడు అద్భుతంగా ఉంటుంది కానీ చల్లారాక స్పూన్ నిలబడిపోయేంత ముద్ద అవుతుంది.

చివరికి గిన్నెలో ఎంత మిగులుతుందో లెక్క వేద్దాం. పాలు 1000, బియ్యం వల్ల పెరిగే వాల్యూమ్ 35, మొత్తం 1035. అందులో 300 ఆవిరైతే 735. తర్వాత 90 గ్రాముల చక్కెర కరిగితే ఇంకో 55 ఎంఎల్ దాకా పెరుగుతుంది. అంటే సుమారు 790 ఎంఎల్ ఖీర్, 130 చొప్పున ఆరు కటోరీలు. బాదం, జీడిపప్పు, కిస్మిస్ వేస్తే ఇంకొంచెం.

గిన్నెలో ఎంత ఇంకిందో ఎలా తెలుస్తుంది? నాకైతే ఎప్పుడూ అందాజే

దీనికి ఒక సింపుల్ పద్ధతి ఉంది. పాలు పొయ్యకముందే అదే గిన్నెలో మూడు కప్పుల నీళ్ళు, అంటే 750 ఎంఎల్ పోసి, ఒక చెక్క గరిటెని నిలువుగా అడుగు తగిలేలా ముంచి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ చాకుతో చిన్న గీత పెట్టండి, లేదా గట్టిగా దారం కట్టండి. నీళ్ళు పారబోసి పాలు పొయ్యండి. బియ్యం ఉడికాక, చక్కెర వెయ్యకముందు అదే గరిటె ముంచి చూస్తే మట్టం ఆ గీత దగ్గరికి వచ్చి ఉండాలి. అక్కడికి వచ్చిందంటే బియ్యంతో కలిపి సరిగ్గా ఇంకినట్టు.

చూసే ముందు స్టవ్ ఆపి అర నిమిషం ఆగండి. మరుగుతున్నప్పుడు నురగ, బుడగలు మట్టాన్ని వేలెడు పైకి లేపేస్తాయి, అది చూసి ఇంకా చాలా ఉంది అనుకుని ఇంకో పావుగంట పెట్టేస్తాం, తీరా చల్లారాక చూస్తే ముద్ద. ఇంకో విషయం, గిన్నె గోడకి అంటుకుని ఎండిపోయిన పాల చార చూసి లెక్క కట్టొద్దు, అది పాలు పొంగినప్పటి ఎత్తు, పోసినప్పటి ఎత్తు కాదు.

కిచెన్ స్కేల్ ఉంటే ఇంకా ఈజీ. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకోండి. లీటరు పాలు 1030 గ్రాములు, బియ్యం 50, మొత్తం 1080. చక్కెర వెయ్యకముందు గిన్నె బరువు తీసేస్తే 780 గ్రాములు ఉండాలి. వేడి గిన్నె నేరుగా స్కేల్ మీద పెట్టకండి, మధ్యలో చెక్క పలక పెట్టి దాని బరువు తీసెయ్యండి. బియ్యం నానబెట్టి వేస్తే అది పీల్చిన నీళ్ళు ఓ 12, 15 గ్రాములు ఎక్కువ ఉంటాయి, అంత చిన్న తేడాని పట్టించుకోనక్కర్లేదు.

బియ్యం పాలు పీల్చేసుకుంటుంది కదా, అది కూడా ఇంకడం కిందకే వస్తుందా?

రాదు, చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. గిన్నెలో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి, నీళ్ళు ఆవిరై బయటికి పోవడం. రెండోది, బియ్యం పాలని లోపలికి పీల్చుకోవడం. మొదటిదాని వల్ల గిన్నెలో మట్టం తగ్గుతుంది. రెండోదాని వల్ల తగ్గదు, ఎందుకంటే గింజ ఎంత పీల్చుకుంటే అంత ఉబ్బుతుంది, పీల్చుకున్న పాలు గిన్నెలోనే ఉన్నాయి.

ఖీర్‌లో మెత్తగా ఉడికే బియ్యం తన బరువుకి మూడు నాలుగు రెట్లు తేమ తీసుకుంటుంది. 50 గ్రాముల బియ్యం అంటే 150 నుంచి 200 ఎంఎల్ దాకా. ఇప్పుడు చూడండి, లీటరులో 300 ఆవిరైంది, ఓ 175 బియ్యంలోకి వెళ్ళింది, గింజల మధ్య కదిలే పాలు 525 ఎంఎల్ మాత్రమే. అందుకే కంటికి పాలు సగమైపోయినట్టు కనిపిస్తాయి. నిజంగా పోయింది 300 మాత్రమే. పాలు సగం అయ్యేదాకా మరిగించాలి అని ఎవరైనా చెప్తే, వాళ్ళు చెప్పేది ఈ కనిపించే సగం అయ్యుండొచ్చు, గిన్నె మట్టం సగానికి తెస్తే మాత్రం ఎక్కువైపోతుంది.

ఇదే లెక్కతో గుప్పెడు బియ్యం ఎక్కువ వేస్తే ఏమవుతుందో కూడా తెలిసిపోతుంది. ఇంకో 40 గ్రాములు వేశారనుకోండి, అది ఇంకో 140 ఎంఎల్ దాకా పీల్చుకుంటుంది, కదిలే పాలు 400 లోపుకి పడిపోతాయి, అప్పుడది ఖీర్ కాదు, పాలతో వండిన మెత్తన్నం.

ఎంతసేపు పడుతుంది? ఒక్కొక్కరు ఒక్కో టైమ్ చెప్తారు

ఎందుకంటే టైమ్ ఒక్క పాలని బట్టే ఉండదు, గిన్నె వెడల్పుని బట్టి, మంటని బట్టి కూడా ఉంటుంది. ఆవిరి పోయేది పై నుంచే కదా. 24 సెంటీమీటర్ల వెడల్పు, అడుగు మందం గిన్నెలో లీటరు పాలు, ఒకసారి పొంగాక సిమ్‌కి మీడియంకి మధ్యలో పెట్టి, బుడగలు నిదానంగా వస్తూ ఉంటే, మా స్టవ్ మీద 40, 45 నిమిషాల్లో 300 ఎంఎల్ పోతుంది. అదే లీటరు సన్నగా పొడుగ్గా ఉండే పాలగిన్నెలో పెడితే గంట దాటినా అవ్వదు. బాగా వెడల్పు కడాయిలో పెడితే అరగంటలోపే ఇంకిపోతుంది కానీ బియ్యం పూర్తిగా మెత్తబడదు, అది ఇంకో సమస్య.

బియ్యం మెత్తబడ్డానికి పాలల్లో 30, 35 నిమిషాలు ఎలాగూ కావాలి. కాబట్టి ఆ టైమ్‌కీ పాలు ఇంకే టైమ్‌కీ దాదాపు సరిపోయే గిన్నె తీసుకోవడమే మంచిది, లీటరుకి 22 నుంచి 24 సెంటీమీటర్లు.

మీగడ సంగతి కూడా చెప్పాలి. కలపకుండా వదిలేస్తే పైన మీగడ కడుతుంది, అది మూత పెట్టినట్టే, ఆవిరి పోవడం బాగా నెమ్మదిస్తుంది. మూడు నాలుగు నిమిషాలకోసారి కలపడం అడుగంటకుండా ఉండడానికే కాదు, ఈ మీగడని చెదరగొట్టడానికి కూడా. గోడలకి అంటుకున్న మీగడని గీకి లోపలికి తోసెయ్యండి, అందులో మంచి రుచి ఉంటుంది. మాడి బ్రౌన్ అయిన చోట మాత్రం గీకొద్దు.

12 మందికి చెయ్యాలి, అన్నీ డబుల్ చేస్తే చాలా?

కొలతలు డబుల్ చేస్తే చాలు, పాలు 2 లీటర్లు, బియ్యం 100, చక్కెర 180. మారేది టైమ్.

అదే 24 సెంటీమీటర్ల గిన్నెలో 2 లీటర్లు పోశారనుకోండి. ఇప్పుడు పోవాల్సింది 600 ఎంఎల్, గిన్నె మూతి మాత్రం అదే, కాబట్టి గంటన్నర దాకా పడుతుంది. బియ్యం మొదట్లోనే వేస్తే 35 నిమిషాలకే ఉడికిపోయి, మిగతా గంటా కరుగుతూనే ఉంటుంది, చివరికి గింజ కనపడకుండా జావ అవుతుంది, పైగా గంజి దిగేకొద్దీ అడుగంటడం మొదలవుతుంది, మీరు స్టవ్ దగ్గర్నుంచి కదల్లేరు.

రెండు దారులున్నాయి. ఒకటి, ముందు పాలు మాత్రమే 45, 50 నిమిషాలు మరిగించండి, గరిటెతో కొలిస్తే 2 లీటర్లు 1.7 దగ్గరికి వచ్చాక నానబెట్టిన బియ్యం వేసి మిగతాది పూర్తి చెయ్యండి, 1.45, 1.5 లీటర్ల గీతకి వచ్చాక చక్కెర. ఉత్త పాలు మరిగేటప్పుడు అంతగా అడుగంటదు కాబట్టి ఆ మొదటి భాగంలో వేరే పని చూసుకోవచ్చు. రెండోది, రెండు బర్నర్ల మీద రెండు గిన్నెలు, చెరో లీటరు. టైమ్ లేకపోతే నేను రెండోదే చేస్తా, రెండూ 45 నిమిషాల్లో అయిపోతాయి, చివర్లో ఒకదాంట్లో పోసి కలిపేస్తే ఎవరికీ తెలీదు.

50 మందికి ఫంక్షన్ ఉంటే?

లెక్క ప్రకారం 8 లీటర్ల పైన పాలు, 415 గ్రాముల బియ్యం, 750 గ్రాముల చక్కెర. కానీ అంత లోతు గిన్నెలో పాలు మూడో వంతు ఇంకాలంటే గంటలు పడుతుంది. అందుకే పెద్ద మొత్తంలో చేసేటప్పుడు లీటరుకి 50 బదులు 60 గ్రాముల బియ్యం వేసి, పాలు ఐదో వంతు ఇంకగానే ఆపడం మంచిది, చిక్కదనం బియ్యం నుంచి వస్తుంది. ఇంకేది తక్కువ కాబట్టి ఖీర్ ఎక్కువ మిగులుతుంది, అంటే 50 మందికి పాలు కూడా ఏడున్నర లీటర్లు చాలు, బియ్యం 450 గ్రాములు. రుచి కొంచెం పల్చబడుతుంది, అది ఒప్పుకోవాల్సిందే, దానికి ఓ 200 గ్రాముల కోవా చిదిపి వేస్తే చాలావరకు కవర్ అవుతుంది.

ఇద్దరికే చేసుకుంటే ఎప్పుడూ గట్టిపడిపోతోంది, ఎందుకు?

తక్కువ పాలు త్వరగా ఇంకిపోతాయి, బియ్యం మాత్రం అంతే టైమ్ తీసుకుంటుంది. 330 ఎంఎల్ పాలు పెద్ద గిన్నెలో పెట్టి 30 నిమిషాలు మరిగిస్తే సగం పైన ఎగిరిపోతుంది. ఇద్దరికైతే 16 గ్రాముల బియ్యం, అంటే టేబుల్ స్పూన్‌కి కాస్త ఎక్కువ, 350 ఎంఎల్ పాలు, 16 సెంటీమీటర్ల చిన్న గిన్నె తీసుకుని, మొదటి 20 నిమిషాలు మూత ఓరగా పెట్టి సిమ్‌లో ఉడికించండి. బియ్యం వేళ్ళ మధ్య నలిగాక మూత తీసి ఇంకబెట్టండి. బియ్యం అరగంట నానబెట్టి చేత్తో కాస్త నలిపి వేస్తే ఇంకో ఐదారు నిమిషాలు మిగులుతాయి.

చక్కెర ఎప్పుడు వెయ్యాలి? అదే కొలత వేసినా ఒకసారి తియ్యగా, ఒకసారి చప్పగా ఎందుకు?

బియ్యం పూర్తిగా మెత్తబడ్డాకే వెయ్యాలి. ముందే వేస్తే గింజ మెత్తబడ్డానికి చాలా టైమ్ తీసుకుంటుంది, ఒక్కోసారి గట్టిగానే ఉండిపోతుంది. వేసిన వెంటనే ఖీర్ పల్చబడినట్టు అనిపిస్తుంది, చక్కెర కరిగి వాల్యూమ్ పెరుగుతుంది కాబట్టి అది సహజం, కంగారుపడి ఇంకో అరగంట మరిగించకండి, ఐదు నిమిషాలు చాలు.

తీపి తేడాకి కారణం చక్కెర కొలత కాదు, పాలు ఎంతకి ఇంకాయి అన్నదే. 90 గ్రాములు 790 ఎంఎల్‌లో ఉంటే 100 ఎంఎల్‌కి 11 గ్రాముల పైన పడుతుంది, అది మామూలు తీపి. అదే 90 గ్రాములు మీరు ఎక్కువ ఇంకబెట్టేసిన 630 ఎంఎల్‌లో ఉంటే 14 గ్రాములు, అది మొహం మొత్తే తీపి. అందుకే చక్కెరని మొదట పోసిన పాలకి కాకుండా చివర్లో మిగిలినదానికి లెక్క వెయ్యండి. గీత దగ్గర ఆపితే 90, గీత దాటి బాగా కిందికి వెళ్ళిపోతే 70తో మొదలుపెట్టి రుచి చూసి పెంచుకోండి.

చల్లగా తినేవాళ్ళయితే వేడిగా ఉన్నప్పుడు రుచి చూసి కొంచెం తీపి ఎక్కువైంది అనిపించేలా ఉంచాలి, ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు తీపి తక్కువగా తెలుస్తుంది. లీటరుకి ఇంకో 10 గ్రాములు చాలు.

టోన్డ్ పాలతో చేస్తే ఎందుకు అంత బాగా రాదు?

ఫుల్ క్రీమ్ ప్యాకెట్‌లో కనీసం 6 శాతం కొవ్వు, 9 శాతం మిగతా ఘనపదార్థం ఉండాలి, అంటే లీటరులో సుమారు 150 గ్రాములు అసలు సరుకు, మిగతాది నీళ్ళే. టోన్డ్ పాలల్లో 3, ఎనిమిదిన్నర, అంటే 115 గ్రాములే. ఫుల్ క్రీమ్ లీటరుని 700కి తెస్తే వచ్చే చిక్కదనం టోన్డ్ పాలల్లో రావాలంటే దాన్ని 540కి దించాలి, దాదాపు సగం. గ్యాస్ ఎక్కువ, టైమ్ ఎక్కువ, మిగిలేది తక్కువ, ఐదు కటోరీలు కూడా రావు. ప్యాకెట్‌లో మిగిలిన డబ్బులు ఇక్కడ పోతాయి.

ఇంట్లో టోన్డ్ పాలే ఉంటే లీటరుకి 35, 40 గ్రాముల పాలపొడి, అంటే ఐదు టేబుల్ స్పూన్లు, కాసిని చల్లటి పాలల్లో ఉండలు లేకుండా కలిపి బియ్యం ఉడికాక పొయ్యండి. అప్పుడు మామూలుగానే 700 దగ్గర ఆపొచ్చు. చివర్లో ఒక స్పూన్ నెయ్యి. పాలపొడి వేశాక అడుగంటే ఛాన్స్ ఎక్కువ, గరిటె ఆపకూడదు.

మేము అమెరికాలో ఉంటాం, ఇక్కడి హోల్ మిల్క్‌కి కొలత మార్చాలా?

మార్చాలి. అక్కడ హోల్ మిల్క్ అంటే కొవ్వు 3.25 శాతం ఉంటుంది, మన ఫుల్ క్రీమ్‌లో సగమే, లెక్కకి మన టోన్డ్ పాల దగ్గర ఉంటుంది. కాబట్టి పైన చెప్పిన పాలపొడి పద్ధతే వాడండి. హాఫ్ గ్యాలన్ అంటే 1.9 లీటర్లు, దానికి 95 గ్రాముల బియ్యం, 75 గ్రాముల పాలపొడి, 170 గ్రాముల చక్కెర, ఓ పదకొండు కటోరీలు వస్తాయి.

కండెన్స్డ్ మిల్క్ వేస్తే పాలు ఇంకబెట్టాల్సిన పని లేదా?

దాదాపు లేదు. తియ్యటి కండెన్స్డ్ మిల్క్ అంటే ముందే ఇంకబెట్టి చక్కెర కలిపిన పాలే. అందులో సగానికి కాస్త తక్కువ చక్కెరే ఉంటుంది, 400 గ్రాముల డబ్బాలో సగం వేస్తే 85, 90 గ్రాముల చక్కెర వేసినట్టే. ఆరుగురికి 700 ఎంఎల్ పాలు, 50 గ్రాముల బియ్యం, సగం డబ్బా, వేరే చక్కెర వద్దు. బియ్యం మెత్తబడగానే కండెన్స్డ్ మిల్క్ వేసి ఐదు నిమిషాలకి దించెయ్యండి. డబ్బా వేసి కూడా లీటరు పాలకి మామూలు చక్కెర వేసేవాళ్ళున్నారు, అది తినలేం.

రుచిలో తేడా మాత్రం తెలుస్తుంది. ముప్పావుగంట మరిగిన పాలకి వచ్చే లేత గోధుమ రంగు, ఆ కాగిన వాసన దీనికి రావు.

కుక్కర్‌లో పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ కుక్కర్‌లో బియ్యం ఉడుకుతుంది, పాలు ఇంకవు. మూత బిగించి ఉన్నంతసేపూ ఆవిరి లోపలే తిరుగుతుంది, విజిల్‌తో పోయేది కొంచెమే. లీటరు పెడితే లీటరుకి దగ్గరగానే ఉంటుంది. అందుకే ఒక విజిల్ వచ్చాక బాగా సిమ్‌లో 20 నిమిషాలు ఉంచి, ప్రెషర్ దానంతటదే దిగాక మూత తీసి, ఇంకో 25, 30 నిమిషాలు ఇంకబెట్టుకోవాల్సిందే. కుక్కర్‌లో సగం కంటే పైకి పాలు పొయ్యొద్దు, పొంగి విజిల్ దారి మూసుకుపోతే ప్రమాదం.

ఏ బియ్యం వాడాలి? మిగిలిన అన్నంతో అవుతుందా?

చిన్న గింజ, వాసన ఉన్న బియ్యం బెస్ట్. చిట్టి ముత్యాలు దొరికితే ఇంకేమీ చూడక్కర్లేదు. లేకపోతే బాస్మతి నూకలు, అదీ లేకపోతే కొత్త సోనా మసూరి. నూకలు త్వరగా గంజి వదులుతాయి కాబట్టి లీటరుకి 45 గ్రాములు చాలు.

అన్నంతో అవుతుంది. 50 గ్రాముల బియ్యానికి 140, 150 గ్రాముల అన్నం లెక్క, అంటే ముప్పావు కప్పు. అన్నం ముందే నీళ్ళు తాగేసి ఉంటుంది, పాలు అంతగా పీల్చుకోదు, అందుకే గింజ లోపల చప్పగా ఉంటుంది. ముందు పాలు 750కి ఇంకబెట్టుకుని, అన్నం మెదిపి వేసి పావుగంట ఉడికించండి.

పల్చగా వచ్చింది, ఏం చెయ్యాలి? ఎప్పుడు దించాలో ఎలా తెలుస్తుంది?

ఒక స్టీల్ ప్లేట్ మీద స్పూన్ ఖీర్ వేసి రెండు నిమిషాలు ఆగి ప్లేట్ వంచండి. మూడు రకాలుగా జరగొచ్చు. గింజలు ఒకచోట ఉండిపోయి, వాటి చుట్టూ పల్చటి పాలు విడిగా పారిపోతే, ఇంకా ఇంకబెట్టడం కాదు కావాల్సింది, బియ్యం గంజి దిగలేదు. గరిటె వెనక భాగంతో గిన్నె గోడకేసి కొన్ని గింజలు మెదిపి ఐదు నిమిషాలు ఉడికించండి. గింజలూ పాలూ కలిసే పారుతున్నాయి కానీ మరీ వేగంగా పోతున్నాయి అంటే పాలు ఇంకా ఇంకాలి. కలిసి నెమ్మదిగా జారితే దించెయ్యండి.

వేడిగా ఉన్నప్పుడే తినే చిక్కదనం వచ్చేదాకా ఉంచితే లేట్ అయినట్టే, చల్లారేకొద్దీ గంజి బిగుసుకుంటుంది, గింజలు ఇంకా పీల్చుకుంటూనే ఉంటాయి.

బెల్లంతో చేస్తే పాలు విరుగుతాయి అంటారు, కొలత ఎంత?

లీటరుకి 100, 110 గ్రాముల తురిమిన బెల్లం. 50 ఎంఎల్ నీళ్ళల్లో కరిగించి, వడగట్టి, చల్లార్చండి. ఖీర్ దించి గోరువెచ్చగా అయ్యాక కలపండి, మళ్ళీ స్టవ్ మీద పెట్టొద్దు. మరిగే పాలల్లో వేస్తే విరిగే ఛాన్స్ ఎక్కువ. ఆ 50 ఎంఎల్ నీళ్ళు ఖీర్‌లోకి వస్తాయి కాబట్టి గీతకి కొంచెం కిందిదాకా, అంటే పాల లెక్కలో 700 బదులు 650కి ఇంకబెట్టుకుని ఆపండి.

మరి మన పరమాన్నంలో బియ్యం అంత ఎక్కువ ఎందుకు?

అది చేత్తో తినేది, ప్రసాదంగా ఆకులోనో దొప్పలోనో పెట్టేది, కారకూడదు. ఖీర్‌లో కప్పు బియ్యానికి 16 కప్పుల పాలు. పరమాన్నంలో చాలా ఇళ్ళల్లో కప్పుకి నాలుగైదు కప్పుల పాలే, కొందరు సగం నీళ్ళు కూడా పోస్తారు. అక్కడ పాలు ఇంకడం అనే లెక్కే ఉండదు, దాదాపు మొత్తం బియ్యమే తాగేస్తుంది. కాబట్టి ఒకదాని కొలత ఇంకోదానికి వాడొద్దు.

రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున గట్టిపడింది, నీళ్ళు పొయ్యొచ్చా?

నీళ్ళు వద్దు, కాచి చల్లార్చిన పాలు పొయ్యండి. లీటరు పాలతో చేసిన ఖీర్‌కి 80 నుంచి 100 ఎంఎల్ పడుతుంది, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం పోసి కలపండి, మొదట ఉండలుగా కనిపించినా రెండు నిమిషాల్లో కలిసిపోతుంది. పాలు పోశారు కాబట్టి రుచి చూసి ఒక టీస్పూన్ లేదా రెండు చక్కెర పొడి వెయ్యండి. గింజ గట్టిగా తగులుతుంటే చల్లగా కలిపితే పోదు, సిమ్‌లో ఒకసారి వేడి చేసి మళ్ళీ చల్లార్చాలి. మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు బాగానే ఉంటుంది, మూడో రోజుకి ఉంచొద్దు.